రోజువారీ అవుటర్న్ తేడా: ఎంత తగ్గితే మిల్లు ఆపి చూడాలి?

ఊకపొయ్యి
గంటకు 5 టన్నుల రా రైస్ మిల్లు. ఒకే షిఫ్టు, రోజుకు 400 క్వింటాళ్ల వడ్లు ఆడతాయి. స్టాండర్డ్ అవుటర్న్, అంటే వంద కిలోల వడ్లకు నూకతో కలిపి రావాల్సిన బియ్యం, 67 శాతం పెట్టుకున్నాం. ఆఫీసు వాళ్లు ఒక రూలు పెట్టారు: ఏ రోజైనా స్టాండర్డ్ కంటే 1 శాతం తగ్గినా, తేడా విలువ 10,000 దాటినా, మిల్లు ఆపి కారణం రాసివ్వాలి. పోయిన నెలలో 14 మెమోలు వచ్చాయి. ఆపి చూసిన 14 సార్లలో నిజంగా ఏదో దొరికింది 3 సార్లే. మిగతా 11 సార్లు "వడ్ల క్వాలిటీ" అని రాసి సంతకం పెట్టడమే. సీజన్‌లో ఒకసారి ఆపితే నాలుగు గంటలు పోతాయి. అసలు ఏ తేడాకు ఆపాలి, దేన్ని వదిలేయాలి? లెక్కతో చెప్పగలిగేవాళ్లు చెప్పండి.

ఖాతాపుస్తకం
రూలులో తప్పేం లేదు. రూపాయల్లో పెద్దది చూడాలి, చిన్నది వదిలేయాలి. మీ 10,000 తక్కువైంది, 25,000 చేయించండి. మెమోలు సగమవుతాయి.

మిర్యాలగూడ_రోలర్
25,000 చేస్తే మెమోలు తగ్గుతయ్ అన్నా, లీకు తగ్గదు కద. రోజుకు నాలుగు వేలు పోయే లీకు నెలంత నడిచినా నీ రూలుకు దొరకదు. నాలుగు ముప్పైలు ఎంత?

గోదారి_లెడ్జర్
@ఊకపొయ్యి ముందు ఒక్కటి చెప్పండి. 67 శాతం దేని మీద వేస్తున్నారు? వేబ్రిడ్జి మీద కొన్న బరువు మీదా, ఆరబెట్టాక హాపర్‌లో పోసిన బరువు మీదా? కొన్న బరువైతే ఇంకే లెక్కా వద్దు, ముందు అది సరిచేయాలి.

ఊకపొయ్యి
కొన్న బరువు మీదే. ఆఫీసులో ఉండే బిల్లు అదే కదా.

గోదారి_లెడ్జర్
అదీ సంగతి. 17 శాతం తేమతో వచ్చిన వడ్లు 14కి దించితే బరువులో 3 శాతం కాదు, 3.49 శాతం పోతుంది. తేమ తేడాని 100తో కాదు, ఆరాక మిగిలే 86తో భాగించాలి. ఆ 3.49 మీ అవుటర్న్‌లో దాదాపు 2.3 పాయింట్లు తినేస్తుంది. అంటే 17 తేమ లారీ ఆడిన రోజు మిల్లు ఎంత బాగా నడిచినా 64.7 దగ్గర కనబడుతుంది, 14 తేమ లారీ ఆడిన రోజు 67 కనబడుతుంది. మీ మెమోల్లో సగానికి పైగా తేమ మీటరు రాసినవే అయ్యుంటాయి.

ఆ తేడా అబద్ధం అనడం లేదు. డబ్బు పోయింది నిజమే, కానీ అది పోయింది కొనుగోలు దగ్గర, ధరలో తేమ కోత సరిగా వేయనందుకు. దానికి మిల్లు ఆపి రోలర్లు విప్పితే ఏం దొరుకుతుంది? ప్రతి లాటు బరువునీ 14 తేమకి మార్చి 40 రోజుల అవుటర్న్ మళ్లీ వేయండి. తర్వాత మాట్లాడదాం.

సీఎంఏ_ఫైనల్
ఇది మా సిలబస్‌లో ఉంది. ఫార్ములా సింపుల్.

```
p > C / (L - M)
```

C అంటే విచారణ ఖర్చు, M సరిచేసే ఖర్చు, L వదిలేస్తే పోయేది. నిజంగా చెడిపోయి ఉండే అవకాశం p ఆ నిష్పత్తి దాటితే ఆపాలి, లేకపోతే వద్దు.

మిర్యాలగూడ_రోలర్
తమ్ముడూ, p ఎవడు చెప్తడు? పాలిషర్ చెప్తదా?

స్టాట్_మాస్టారు
వేరియన్స్ గురించి కాబట్టి ఒక మాట. రెండు షిఫ్టుల వేరియన్స్ సమానమా కాదా తెలుసుకోవాలంటే ఎఫ్ టెస్టు వాడాలి. షిఫ్టుల వారీ డేటా పెట్టండి.

ఊకపొయ్యి
మాస్టారూ, మాది ఒకటే షిఫ్టు. పైగా ఇక్కడ వేరియన్స్ అంటే స్టాండర్డ్‌కీ వచ్చినదానికీ తేడా.

స్టాట్_మాస్టారు
ఓ, కాస్టింగ్ వేరియన్సా. సరే, పక్కన కూర్చుని వింటాను.

ఊకపొయ్యి
@గోదారి_లెడ్జర్ 40 రోజులదీ మళ్లీ వేశాను. మీరన్నట్టే 14 మెమోల్లో 8 మాయమైపోయాయి. మిగిలిన 6లోనే ఆ దొరికిన 3 ఉన్నాయి! సగటు 67.0 దగ్గరే వచ్చింది. ఒకరోజు నుంచి మరుసటి రోజుకి మార్పు సగటున 0.45 పాయింట్లు. ఇప్పుడు రోజువారీ చార్టు మీద మామూలు హెచ్చుతగ్గుల లిమిట్లు ఎలా గీయాలి? ఎక్సెల్‌లో STDEV కొడితే 0.62 వస్తోంది.

గోదారి_లెడ్జర్
STDEV వద్దండి. 40 రోజుల్లో ఆ మూడు చెడ్డ రోజులు, రకం మారిన రోజులు అన్నీ కలిసి 0.62 అయింది. చెడ్డ రోజుల్ని కలిపి లిమిట్లు గీస్తే ఆ చెడ్డ రోజులే లిమిట్ల లోపల పడతాయి. దొంగని అడిగి తాళం సైజు తీసుకున్నట్టు.

పక్కపక్క రోజుల మార్పు సగటు 0.45 అన్నారు కదా, దాన్ని 1.128తో భాగించండి. 0.4 వస్తుంది. మీ మిల్లు మామూలుగా ఊగే ఊగు అదే, దాన్నే సిగ్మా అంటారు. మూడు సిగ్మాలంటే 1.2, కాబట్టి లిమిట్లు 65.8, 68.2. ఈ మధ్యలో ఉన్నంతవరకు ఒక్కరోజు అంకెకు కారణం అడగొద్దు.

మూడే ఎందుకు అంటారు. మూడు సిగ్మాల దగ్గర, అంతా బాగున్నా అలారం మోగేది సుమారు 370 రోజులకోసారి. రెండు సిగ్మాలకు కుదిస్తే 22 రోజులకోసారి. వినడానికి పర్లేదనిపిస్తుంది. కానీ మీ రిపోర్టులో అవుటర్న్ ఒక్కటే ఉండదు. కరెంటు, కూలీ, గోనె సంచులు, హమాలీ, ఇలా 12 పద్దులుంటే, ఏ పద్దులోనూ ఏమీ చెడకపోయినా ఏదో ఒకదాంట్లో అలారం మోగే అవకాశం ఆ రోజుకి 43 శాతం. రెండ్రోజులకో మెమో అన్నమాట.

బాయిలర్_బాబాయ్
మాది బాయిల్డ్ రైస్. మాకు రోజు లెక్క కుదరదు. నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టేసరికి నిన్నటి వడ్లు రేపు ఆడతాయి. మొన్న 69.1, నిన్న 66.4. చార్టు చూస్తే గుండె ఆగుద్ది.

గోదారి_లెడ్జర్
@బాయిలర్_బాబాయ్ ఒకరోజు పైకి, మరుసటి రోజు కిందకి, మళ్లీ పైకి వస్తుంటే అది మిల్లు ఊగడం కాదు, బిన్నులో మిగిలిన సరుకు ఊగడం. సాయంత్రం బిన్నులో 10 క్వింటాళ్లు మిగిలితే ఇవాళ తగ్గినట్టూ రేపు పెరిగినట్టూ కనబడుతుంది. మీరు రోజు కాదు, లాటు వారీగా వేయాలి. నానబెట్టిన ట్యాంకు ఒక లాటు అనుకుని, అది పూర్తిగా బయటికొచ్చాకే లెక్క కట్టండి. @ఊకపొయ్యి మీరూ ఒకసారి చూడండి. రెండేసి రోజుల సగటు వేస్తే ఊగు 0.4 నుంచి 0.28కి తగ్గాలి. అంతకంటే బాగా తగ్గిపోతే మీ బిన్ను కూడా ఆటలాడుతున్నట్టే.

ఊకపొయ్యి
వేశాను. 0.29. బిన్ను మంచిదే.

ఖాతాపుస్తకం
నాకు ఇది మింగుడు పడటం లేదు. 65.8 దాకా ఏమీ అడగొద్దంటే 1.2 పాయింట్ల నష్టం కళ్లు మూసుకుని భరించమనా? రోజుకి 4.8 క్వింటాళ్ల బియ్యం. క్వింటాలు 3,200 వేసుకుంటే పదిహేను వేలు. ఈ లిమిట్లు యజమాని కోసం గీసినవి కావు, మిల్లు ఆపరేటర్ కోసం గీసినవి.

గోదారి_లెడ్జర్
@ఖాతాపుస్తకం మీరు సగం కరెక్టు. లిమిట్లకి మీ డబ్బు సంగతి తెలియదు, అవి మామూలు ఊగుని చూసి గీసినవి. 1924లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో షూహార్ట్ ఇలాంటి మొదటి చార్టు గీసినప్పటి నుంచీ మూడు సిగ్మాలు ఒక వాడుక లెక్క. ఊరికే వెతకడం, వెతకాల్సినప్పుడు వెతక్కపోవడం, ఈ రెండు తప్పుల ఖర్చూ మిల్లుకో రకంగా ఉంటుంది. అందుకే తమ్ముడు చెప్పిన p, C, L ఇక్కడ పనికొస్తాయి.

మిగతా సగం తప్పు. ఒక్కరోజు 66 వస్తే ఆ నష్టం ఆరోజుతో అయిపోయింది, ఆపినా తిరిగి రాదు. రేపటి నుంచి కూడా పోతుందా లేదా అన్నదే ప్రశ్న.

ఊకపొయ్యి
ఇవాళ్టి అంకె 66.1. లిమిట్ల లోపలే ఉంది. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చేసింది.

సీఎంఏ_ఫైనల్
దీనికే ఫార్ములా వేద్దాం. మీ C, M ఎంత? వదిలేస్తే రోజుకి ఎంత పోతుంది?

ఊకపొయ్యి
సీజన్‌లో నాలుగు గంటలు ఆపితే 200 క్వింటాళ్లు ఆడటం ఆగుతుంది. క్వింటాలుకి మార్జిన్ 60 అనుకుంటే 12,000. మెకానిక్, కూలీ 3,000. మొత్తం 15,000. సరిచేయడానికి మామూలుగా ఓ 2,000. మా దగ్గర చెడితే సాధారణంగా 0.8 దాకా పడిపోతుంది, అంటే రోజుకి 3.2 క్వింటాళ్లు. ఎక్కువసార్లు అది తవుడులోకే పోతుంది. తవుడు 2,000కి అమ్ముతాం కాబట్టి క్వింటాలుకి నష్టం 1,200. రోజుకి 3,840.

సీఎంఏ_ఫైనల్
సీజన్ 90 రోజులు. L = 3,840 × 90 = 3,45,600. అంటే p 15,000 / 3,43,600 దాటితే చాలు, 4.4 శాతం. వెంటనే ఆపేయండి!

మిర్యాలగూడ_రోలర్
4.4 శాతమా! గట్లైతే పొద్దున కొబ్బరికాయ కొట్టంగనే మిల్లు ఆపుకోవాలె. ఏ రోజైనా ఏదో ఒకటి చెడి ఉండే అవకాశం దానికంటే ఎక్కువే ఉంటది.

గోదారి_లెడ్జర్
రోలర్ గారు నవ్వుతూ అన్నారు గానీ తప్పు దొరికింది అక్కడే. ఇవాళ ఆపకపోతే 90 రోజులూ ఎవరికీ కనబడకుండా ఉండదు. చార్టు పట్టుకుంటుంది. ఎప్పటికి? సగటు 67 నుంచి 66.2కి పడిందనుకోండి. కింది లిమిట్ 65.8. అప్పుడు రోజుకి 16 శాతం చొప్పున లిమిట్ దాటుతుంది, అంటే సగటున ఆరు రోజుల్లో అలారం. కాబట్టి L అంటే ఆరు రోజుల నష్టం, 3,840 × 6, సుమారు 23,000. మీ ఫార్ములాలో పెడితే 15,000 / 21,000, అంటే 71 శాతం. తొంభై రోజులకీ ఆరు రోజులకీ మధ్య 4 శాతం కాస్తా 71 అయింది.

ఇక p. రోలర్ గారు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. ఏ రోజైనా తెల్లారేసరికి మిల్లు చెడి ఉండే అవకాశం 5 శాతం అనుకుందాం. మీ పాత రికార్డు చూసి ఈ అంకె మీరు మార్చుకోవాలి. ఇవాళ 66.1 వచ్చింది. మిల్లు బాగుంటే ఇంత తక్కువ రావడం అరుదు, చెడి ఉంటే మామూలే. ఎన్ని రెట్లు మామూలో ఎక్సెల్ చెప్తుంది.

```
=NORM.DIST(66.1,66.2,0.4,FALSE)/NORM.DIST(66.1,67,0.4,FALSE)
```

12.2 వస్తుంది. పొద్దున 5కి 95గా ఉన్న పందెం ఇప్పుడు 61కి 95 అయింది. 61ని 156తో భాగిస్తే 39 శాతం. 71 కంటే తక్కువ, కాబట్టి ఇవాళ ఆపకండి.

ఖాతాపుస్తకం
అంటే 39 శాతం చెడి ఉందని తెలిసీ ఆడించమంటారు.

గోదారి_లెడ్జర్
అవును, ఒక్కరోజు. రేపటి అంకె కోసం ఆగడానికి ఖర్చు 3,840లో 39 శాతం, సుమారు 1,500. ఆపి ఏమీ దొరక్కపోతే పోయేది 15,000లో 61 శాతం, 9,150. సీజన్ కానప్పుడైతే నేనే ఆపమంటాను. అప్పుడు ఆపితే మార్జిన్ పోదు, ఆగిన పని రేపు చేసుకోవచ్చు. C 3,000కి పడిపోతుంది, 3,000 / 21,000 అంటే 14 శాతం. అదే 66.1, అదే మిల్లు. జనవరిలో వదిలేయాలి, ఖాళీగా ఉన్న నెలలో విప్పాలి. ఏడాది పొడుగునా ఒకే శాతం మీద మెమో పంపే రూలుకి ఇది పట్టదు.

తవుడుబస్తా
చాలాసేపట్నుంచి చదువుతున్నాను. గోదారి గారూ, 71లో ఒక పొరపాటుంది. మిల్లు నిజంగా చెడి ఉంటే ఆరు రోజుల తర్వాతైనా ఆపుతారు కదా? అప్పుడు ఆ 15,000, ఆ 2,000 ఎలాగూ కట్టాల్సిందే. అంటే చెడి ఉన్నప్పుడు ఇవాళే ఆపడం వల్ల అదనపు ఖర్చు ఏమీ లేదు, ఆరు రోజుల నష్టం మిగులుతుంది. 15,000 దండగయ్యేది మిల్లు బాగున్నప్పుడే. కాబట్టి పోల్చాల్సింది ఇది.

```
p > C / (C + L)
```

15,000 / 38,000 = 39 శాతం. మీ p కూడా 39!

సీఎంఏ_ఫైనల్
పుస్తకంలో L మైనస్ M అనే ఉందండీ.

తవుడుబస్తా
ఇప్పుడు వదిలేస్తే ఇక ఎప్పటికీ చూడరనే సందర్భానికి రాసింది అది. నెలకోసారి వచ్చే వేరియన్స్ రిపోర్టుకైతే కొంతవరకు సరిపోతుంది. రోజూ అంకె వచ్చే చోట వాయిదా వేరు, వదిలేయడం వేరు.

గోదారి_లెడ్జర్
ఒప్పుకుంటున్నాను, తవుడుబస్తా గారి గీతే సరైనది. సరిగ్గా అంచు మీద పడ్డాం. అయినా ఒక్కరోజు ఆగడమే మేలని నా అభిప్రాయం, 1,500 పెట్టి ఇంకో అంకె కొంటున్నాం కాబట్టి. దీన్ని పూర్తిగా లెక్క కట్టాలంటే ప్రతిరోజూ ఆగితే ఏమొస్తుందో వెనక నుంచి కట్టుకురావాలి, అది మిల్లు గుమాస్తా పని కాదు.

మిర్యాలగూడ_రోలర్
ఇంతసేపటి సంది రాస్తున్నరు, ఒక్కడన్నా ఊక కొట్టులకు పోయి చెయ్యి పెట్టి చూడుమన్నరా? మిల్లు ఆపకుండనే తెలిసేవి ఉన్నయ్.

ఒకటి, ఊక. ఊక గాలి మీద పోయి పడే కాడ, పది నిమిషాలకొకసారి చొప్పున ఐదుసార్లు దోసెడు దోసెడు పట్టు. చాటల వేసి చెరుగు. బియ్యం, నూక మిగిలితె గాలి ఎక్కువైంది, షట్టర్ తగ్గియ్యాలె. రెండు, తవుడు. ప్రతి పాలిషర్ కింది తవుడు వేరువేరుగ పట్టి సన్న జల్లెడల జల్లించు. ఒకదాంట్ల మాత్రమే నూక ఎక్కువొస్తె ఆ పాలిషర్ జల్లెడ చిరిగింది. అన్నిట్ల నూక లేకుండ తవుడు బరువు మాత్రం పెరిగితె పాలిష్ ఎక్కువ పడుతున్నట్టు. మూడు, రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ మిషను రిజెక్ట్ బస్తా. అండ్ల మంచి బియ్యం కనబడితె సెట్టింగ్ బిగిసింది. నాలుగు, ఇవాళ ఆడిన వడ్లల్ల కిలో తీసి తాలు చెరిగి తూకం వెయ్యి. తాలు ఎక్కువుంటె మిల్లు తప్పే కాదు.

ఇద్దరు మనుషులు, గంట పని. ఐదొందలు కూడ కాదు.

తవుడుబస్తా
నేను రాసినదాని కంటే ఇది విలువైనది. C 500 అయితే గీత 500 / 23,500. రెండు శాతం. అంటే లిమిట్ల లోపలున్నా, సగటుకి కాస్త కిందున్న ఏ రోజైనా ఈ గంట పని చేయొచ్చు.

గోదారి_లెడ్జర్
ఇందులో ఇంకో లాభం ఉంది. బియ్యం ఎటు పోతోందో తెలిస్తే L మారిపోతుంది. తవుడులోకి పోతే క్వింటాలుకి 1,200. ఊకతో పోతే దాదాపు మొత్తం పోయినట్టే, 3,000 వేసుకోండి. రోజుకి 9,600, ఆరు రోజులకి 57,600. తవుడుబస్తా గారి గీత మీద 15,000 / 72,600, అంటే 21 శాతం. అప్పుడు 39కి రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఆపాలి. 66.1 అని రాసిన కాగితం మీద ఈ రెండూ ఒకేలా కనబడతాయి. బరువు తేడాని ఒకే రేటుతో గుణించి రూపాయలు చేసే రిపోర్టు ఇక్కడే మోసం చేస్తుంది.

ఒక జాగ్రత్త. చెయ్యి పెట్టి చూసి "బాగుంది" అనుకున్నంత మాత్రాన p సున్నా కాదు. దోసెడు ఊకలో కనబడనంత సన్నగా కారుతుండొచ్చు. ఊకలో లేదు అని మాత్రమే చెప్పగలం, అది కూడా చాలావరకు.

బాయిలర్_బాబాయ్
మరి ఎక్కువొస్తే? 68.5 వచ్చిందనుకోండి, ఆఫీసు స్వీట్లు పంపుద్ది. అదీ ఆపి చూడాలా?

గోదారి_లెడ్జర్
మిల్లు ఆపక్కర్లేదు, కాటా చూడండి. 68.2 దాటిందంటే నా మొదటి అనుమానం బియ్యం తూకం మీద, రెండోది పాలిష్ తక్కువ పట్టి తవుడు బియ్యంతోనే పోతోందని. రెండోదైతే ఆ లాభం లాటు తిరిగొచ్చినప్పుడు వడ్డీతో సహా పోతుంది. ఖర్చు తక్కువ, అవకాశం ఎక్కువ, కాబట్టి తప్పకుండా చూడాలి.

ఖాతాపుస్తకం
మా దగ్గర స్టాండర్డే 68 పెట్టారు. వచ్చేది 67. మధ్య గీత ఎక్కడ గీయాలి? 68 దగ్గర గీస్తే రోజూ కింద పక్కే ఉంటాం.

గోదారి_లెడ్జర్
67 దగ్గర గీయండి. చార్టు చెప్పేది మిల్లు మారిందా లేదా అని. 68 రావాలా అన్నది వేరే పంచాయితీ, దాన్ని రోజువారీ మెమోతో తేల్చలేరు. సర్కారు కస్టమ్ మిల్లింగ్‌కి పెట్టిన లెక్కే రా రైస్‌కి 67, బాయిల్డ్‌కి 68. మీది రా మిల్లయితే ఎవరో బాయిల్డ్ అంకె ఎత్తి పెట్టి ఉంటారు.

ఖాతాపుస్తకం
ఒప్పుకోను. మధ్య గీత 67కి దించితే ఆ ఒక పాయింటు శాశ్వతంగా మాఫీ అయిపోతుంది. ఎవరూ మళ్లీ అడగరు. స్టాండర్డ్ అనేది ఒత్తిడి పెట్టడానికే.

తవుడుబస్తా
రెండు గీతలూ గీయండి. కానీ ఒత్తిడి పెట్టే గీత చూసి మిల్లు ఆపకండి. ఇంకోటి, లిమిట్లు ఆపరేటర్లకి తెలిసిన నెల నుంచి అంకెలు లిమిట్ల లోపలే పడటం మొదలవుతుంది. చెడ్డ రోజున బిన్నులో సరుకు ముందే తూకం వేయించుకుంటారు. మార్పు సగటు 0.45 నుంచి ఉన్నట్టుండి 0.2కి పడిపోతే మిల్లు బాగుపడిందని సంతోషించకండి.

ఊకపొయ్యి
అప్‌డేట్. రోలర్ గారు చెప్పినట్టే చూశాం. ఊక శుభ్రం. సార్టెక్స్ రిజెక్ట్ మామూలే. తాలు మామూలే. మూడు పాలిషర్లలో రెండోదాని తవుడులో నూక కాస్త ఎక్కువ అనిపించింది, "కాస్త" మాత్రమే. ఆపలేదు. ఇవాళ్టి అంకె 66.3.

గోదారి_లెడ్జర్
66.3కి ఆ రెట్లు 4.5. నిన్నటి 61 ఇవాళ 274 అయింది, అటు 95. అంటే 74 శాతం. తమ్ముడి 71 గీత మీద చూసినా, తవుడుబస్తా గారి 39 మీద చూసినా దాటేసింది. పైగా రెండో పాలిషర్ ఎలాగూ వేలు చూపిస్తోంది. మొత్తం మిల్లు ఎందుకు, ఆ ఒక్కదాన్నే ఆపండి.

మిర్యాలగూడ_రోలర్
భోజనాల టైముల విప్పు. గంటన్నర చాలు. జల్లెడ మారిస్తె బోల్టులు సమంగ బిగించు, లేకుంటె మళ్ల అక్కడ్నే చిరుగుతది.

సీఎంఏ_ఫైనల్
66.1, 66.3 రెండూ లిమిట్ల లోపలే ఉన్నాయి. మూడింట రెండు రోజులు రెండు సిగ్మాల అవతల పడితే ఆపాలన్న రూలు కూడా మోగదు, 66.2 దాటింది ఒక్కటే. మరి చార్టు దేనికి?

గోదారి_లెడ్జర్
చార్టు ఒక్కటే చూసేవాడు ఇంకొన్ని రోజులు ఆగేవాడు, అంతే. ఆఫీసుకి వాదించడానికి చార్టు సులువు, లెక్కకి p మంచిది. ఆ 5 శాతం తప్పయితే మొత్తం కదులుతుందని కూడా గుర్తుంచుకో. 5 బదులు 2 వేస్తే ఇవాళ్టి 74 కాస్తా 53కి దిగుతుంది.

ఊకపొయ్యి
విప్పాం. రెండో పాలిషర్ జల్లెడకి అంచున బొటనవేలంత చిరుగు. మార్చాం. గంటా నలభై నిమిషాలు పట్టింది. మరుసటి రోజు అంకె 66.6.

ఖాతాపుస్తకం
66.6 అంటే ఇంకా 0.4 తక్కువే. సగమే దొరికిందేమో.

తవుడుబస్తా
ఒక సిగ్మా కిందుంది. బాగైన మిల్లు కూడా ఆరు రోజుల్లో ఒకరోజు అంతకంటే తక్కువే ఇస్తుంది. ఇంకా రెండు మూడు అంకెలు రానివ్వండి.

ఊకపొయ్యి
ఆఫీసు నుంచి మెమో వచ్చేసిందండీ. "జల్లెడ మార్చిన తర్వాత కూడా 67 ఎందుకు రాలేదు" అట.

మిర్యాలగూడ_రోలర్
"వడ్ల క్వాలిటీ" అని రాయ్.